మూలాంకం, భాగ్యాంకం కలుస్తాయా? సంబంధం చూసేటప్పుడు లెక్క సరిగ్గా వేయడం ఎలా

మా చెల్లెకు హుజూరాబాద్ వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. సంఖ్యాశాస్త్రంలో పుట్టిన తారీఖు నుంచి వచ్చే ఒక్క అంకెను మూలాంకం అంటారు, ఒక్కో అంకెకు ఒక్కో గ్రహం. అబ్బాయి మూలాంకం 8. మా చెల్లె టెన్త్ మెమోలో పుట్టినతేదీ 1-6-1985 అని ఉంది. లెక్క చూసిన పెద్దమనిషి ఆ కాగితం మీద ఒక్క చూపు వేసి, "అమ్మాయిది 1, అబ్బాయిది 8. సూర్యునికి, శనికి పడదు. ఈ సంబంధం వద్దు" అన్నాడు. అందరం నమ్మినం. అటు వాళ్లు వేరే చోట చూసుకున్నారు.

ఆరు నెలల తర్వాత మా అమ్మ బియ్యం చెరుగుకుంట మాటల్లో అన్నది: "అది జూన్‌ల యాడ పుట్టింది బిడ్డా? బతుకమ్మ ఆడే రోజులల్ల గదా పుట్టింది." బడిలో చేర్పించినప్పుడు సారు తనకు వీలైన తేదీ వేసుకున్నాడు. పాత ట్రంకు పెట్టె వెతికితే మా నాయన రాసిపెట్టుకున్న చిన్న నోటుబుక్కు దొరికింది. అసలు తేదీ 15-10-1985. అంటే మూలాంకం 1 కాదు, 6. శుక్రుడు. 6కు 8తో ఉన్నంత స్నేహం చాలా తక్కువ జతల్లో కనిపిస్తుంది. లేని తేదీకి లెక్కకట్టి, కుదిరే సంబంధాన్ని పోగొట్టుకున్నాం. అప్పటి నుంచి హన్మకొండలో మా ఇంటికి ఎవరు తేదీలు పట్టుకొని వచ్చినా, లెక్క కంటే ముందు తేదీ సంగతే అడుగుతున్నాను. ఈ మార్గదర్శి కూడా అక్కడి నుంచే మొదలు.

ముందు తేదీ నిజమైనదా చూడండి

మన వైపు నలభై దాటిన వాళ్లలో చాలామందికి సర్టిఫికెట్ తేదీ ఒకటి, పుట్టిన తేదీ ఒకటి. బడులు తెరిచే జూన్ నెల, ఒకటో తారీఖు, ఇంట్లో ఎవరికీ ఆ నెల గుర్తు లేకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే అనుమానించాల్సిందే. ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు ఆ తేదీ సరిపోతుంది. సంఖ్యాశాస్త్రానికి మాత్రం తల్లి కన్న రోజే కావాలి.

దీన్ని పట్టుకోవడానికి నేను వాడే ఉపాయం వారం. మన అమ్మలకు తారీఖు గుర్తుండదు కానీ వారం గుర్తుంటుంది. "సోమారం అంగడి నాడు", "శుక్రారం రాత్రి" అని ఠక్కున చెప్తారు. ఫోన్ క్యాలెండర్‌లో ఆ సంవత్సరానికి వెనక్కి పోయి, కాగితం మీది తారీఖు ఏ వారం పడిందో చూడండి. రెండూ కలిస్తే తేదీని చాలావరకు నమ్మవచ్చు. కలవకపోతే పండుగను పట్టుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ, సద్దుల బతుకమ్మ, బోనాలు, కార్తీక పున్నమి, ఇలా ఏదో ఒకటి చెప్తారు. ఆ ఏడాది పంచాంగంలో ఆ తిథి దొరికితే తారీఖు దానంతట అదే వస్తుంది. మేడారం జాతర నాడు పుట్టిందంటే ఇంకా సులువు. ఆ పెద్ద జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది కాబట్టి వెతకాల్సిన సంవత్సరాలు సగానికి తగ్గుతాయి.

తేదీ ఎంతకూ తేలకపోతే లెక్క వేయకండి. ఉజ్జాయింపు తేదీకి మూలాంకం కట్టడం వల్ల ఉపయోగం లేదు, ఒక్క రోజు తేడాతో అంకె, గ్రహం రెండూ మారిపోతాయి.

రెండు అంకెలు తీయడం

మూలాంకం అంటే పుట్టిన తారీఖును ఒక్క అంకెకు తేవడం. మన దగ్గర జన్మ సంఖ్య అని కూడా అంటారు. 14న పుడితే 1+4=5. 29న పుడితే 2+9=11, మళ్లీ 1+1=2. నెల, సంవత్సరం దీనిలోకి రావు.

భాగ్యాంకం, అంటే విధి సంఖ్య, మొత్తం తేదీని కూడితే వస్తుంది. 20-3-1993 తీసుకోండి. 2+0+3+1+9+9+3=27, 2+7=9. మూలాంకం 2, భాగ్యాంకం 9. మనిషి స్వభావం మూలాంకంలో, జీవితం నడిచే దారి భాగ్యాంకంలో కనిపిస్తాయని ఈ శాస్త్రం చెబుతుంది. ముప్పై అయిదేళ్లు దాటాక భాగ్యాంకం బలం పెరుగుతుందని చాలామంది అంటారు.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు సంవత్సరాన్ని సగమే రాయడం. 1993 బదులు 93 అని వేసుకుంటే పై తేదీకి 17, అంటే 8 వస్తుంది. 9 రావలసిన చోట 8 వచ్చిందంటే కుజుడు పోయి శని కూర్చున్నట్టే. 19 వదిలేస్తే లెక్క ఎప్పుడూ ఒకటి తప్పుతుంది. 2000 తర్వాత పుట్టిన వాళ్లకు 20 వదిలేస్తే రెండు తప్పుతుంది.

వేసిన లెక్కను సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. తేదీలోని 9లన్నీ కొట్టేసి మిగిలినవి కూడండి. 20-3-1993లో రెండు 9లు కొట్టేస్తే 2, 3, 1, 3 మిగులుతాయి. మొత్తం 9. అదే జవాబు. కొట్టేసుకుంటూ పోతే ఏమీ మిగలకపోతే దాన్ని సున్నా అనుకోకూడదు, 9 అని రాయాలి.

అంకెల స్నేహం ఎక్కడి నుంచి వచ్చింది

1 సూర్యుడు, 2 చంద్రుడు, 3 గురువు, 4 రాహువు, 5 బుధుడు, 6 శుక్రుడు, 7 కేతువు, 8 శని, 9 కుజుడు. అంకెలు కలవడం, కలవకపోవడం అంటే ఆ గ్రహాలు కలవడం, కలవకపోవడమే. జ్యోతిషంలో గ్రహాల నైసర్గిక మైత్రి అని ఒకటుంది, అదే దీనికి పునాది. చేతికి దొరికిన పట్టికను బట్టీ పట్టడం కంటే ఈ మైత్రిని అర్థం చేసుకుంటే ఎవరు ఎక్కడ తప్పు చెబుతున్నారో మీకే తెలుస్తుంది.

రాహుకేతువులను పక్కన పెడితే మిగిలిన ఏడూ రెండు వర్గాలు. సూర్యుడు, చంద్రుడు, గురువు, కుజుడు ఒక వైపు, అంటే 1, 2, 3, 9. బుధుడు, శుక్రుడు, శని ఇంకో వైపు, అంటే 5, 6, 8. ఒక వర్గంలోని వాళ్లకు ఒకరితో ఒకరికి బాగానే పడుతుంది. గొడవలన్నీ వర్గం దాటినప్పుడే.

చాలామంది వదిలేసే సంగతి ఒకటి చెప్తాను. ఈ మైత్రి రెండు వైపులా ఒకేలా ఉండదు. చంద్రుడు బుధుణ్ణి మిత్రుడు అనుకుంటాడు. బుధుడు మాత్రం చంద్రుణ్ణి శత్రువు అనుకుంటాడు. చంద్రునికి అసలు శత్రువులే లేరు, అయినా బుధుడు, శుక్రుడు, శని ముగ్గురూ ఆయన్ను శత్రువుగానే చూస్తారు. కాబట్టి "2కు 5 మిత్రమా?" అని అడిగితే అవును, "5కు 2 మిత్రమా?" అని అడిగితే కాదు. పట్టికలో ఒక్క వరుస చూసి చెప్పే వాళ్లు సగం జవాబే చెబుతున్నారు.

"5 అందరికీ కలుస్తుంది" అనే మాట కూడా ఇలా పుట్టిందే. బుధునికి చంద్రుడొక్కడే శత్రువు, మిగిలిన వాళ్లందరూ మిత్రులో, మిత్రులూ శత్రువులూ కాని సములో అన్నది నిజమే. కానీ అది బుధుని వైపు నుంచి చూసిన మాట. గురువు, కుజుడు ఇద్దరూ బుధుణ్ణి శత్రువుగానే లెక్కిస్తారు. 3, 9 మూలాంకాల వాళ్ల వైపు నుంచి చూస్తే 5 అంత హాయి కాదు.

జతకు మార్కులు వేయడం

రెండు చూపులను ఒక్క అంకెగా మార్చడానికి నేను అష్టకూటాలలోని గ్రహమైత్రి కూటమి మార్కులు వాడతాను. జాతకాలు కలిపేటప్పుడు 36 గుణాలలో దీనికి 5 ఉంటాయి. ఇద్దరూ మిత్రులైనా, ఇద్దరిదీ ఒకే గ్రహమైనా 5. ఒకరికి మిత్రుడు, ఇంకొకరికి సముడు అయితే 4. ఇద్దరికీ సములైతే 3. ఒక వైపు మిత్రుడు, ఇంకో వైపు శత్రువైతే 1. ఒకరికి సముడు, ఇంకొకరికి శత్రువైతే అర. ఇద్దరూ శత్రువులైతే సున్నా. అంకెలకు ఈ మార్కులు వాడటం నా పద్ధతి. చూసే చూపు ఒకటే కాబట్టి ఇది సరిపోతుందని నా నమ్మకం.

ఆ లెక్కన 5 మార్కులు వచ్చే జతలు ఇవి: 1కి 2, 3, 9తో, 3కు 9తో, 5కు 6తో, 6కు 8తో. నాలుగు వచ్చేవి: 2కు 3, 9తో, 5కు 8తో, 1కి 5తో. 6–9, 3–8 జతలకు మూడు. 2–5కు ఒకటి. 1కి 6తో, 8తో సున్నా. మిగిలినవి 2–6, 2–8, 3–5, 3–6, 5–9, 8–9. వీటికి అర మార్కే.

8కి 8 కలిపితే ఈ లెక్కలో 5 వస్తుంది, ఒకే గ్రహం కదా. కానీ సంఖ్యాశాస్త్రం చూసే వాళ్లలో ఎక్కువమంది ఈ జతను వద్దంటారు. ఇద్దరి మీదా శని బరువు ఉంటే ఇంట్లో ఆలస్యాలు, మౌనం రెట్టింపవుతాయని వాళ్ల మాట. 4–8 జతకూ ఇదే అంటారు. ఈ రెండు చోట్ల నేను మార్కు వేసి, పక్కన ఆ అభ్యంతరం కూడా రాస్తాను.

4, 7 వచ్చినప్పుడు

గ్రహమైత్రి ఏడు గ్రహాలకే చెప్పారు. రాహుకేతువులకు ఏం చేయాలన్న దగ్గరే పట్టికలన్నీ విడిపోతాయి. మన దగ్గర "శనివద్రాహుః, కుజవత్కేతుః" అనే సూత్రం ఉంది. రాహువు శనిలాగా, కేతువు కుజునిలాగా అని. దాన్ని పట్టుకుంటే 4ను 8 లాగా, 7ను 9 లాగా చూడాలి. నేను చేసేది అదే.

పాశ్చాత్య పద్ధతిలో 4కు యురేనస్, 7కు నెప్ట్యూన్ వేసుకున్నారు. ఒకటి 1781లో, ఇంకోటి 1846లో దుర్భిణీ కాలంలో దొరికిన గ్రహాలు, మన నవగ్రహాల్లో లేవు. ఆ పద్ధతిలో 1, 4 దగ్గరి చుట్టాలు. 2, 7 కూడా అంతే. 3, 6, 9 ఒక కుటుంబం. మన మైత్రి ప్రకారం 4 శనిలాగా కాబట్టి 1–4కు సున్నా. 3–6 అంటే గురు శుక్రులు, దానికి అర. 2–7 మాత్రం రెండు పద్ధతుల్లోనూ బాగానే వస్తుంది.

ఒక పుస్తకంలో "1కి 4 మంచిది" అని, ఇంకో చోట "పనికిరాదు" అని కనిపించేది ఇందుకే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు, ఎవరి గ్రహాలు వాళ్లవి. మీ లెక్క చూసే వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: 4కు, 7కు మీరు ఏ గ్రహం వేస్తారు? ఒకే మనిషి సగం ఒక పద్ధతి, సగం ఇంకో పద్ధతి కలిపితే ఆ లెక్క వదిలేయండి.

ఒక జంట లెక్క మొదటి నుంచి చివరి దాకా

మొన్న నర్సంపేట వైపు నుంచి ఒక తల్లి, అమ్మమ్మ వచ్చారు. అమ్మాయి తేదీ 14-11-1998. అబ్బాయిది 20-3-1993. అబ్బాయికి పైన చూసినట్టు మూలాంకం 2, భాగ్యాంకం 9. అమ్మాయికి మూలాంకం 5. మొత్తం తేదీ కూడితే 1+4+1+1+1+9+9+8=34, భాగ్యాంకం 7.

ఇద్దరి మధ్య నాలుగు జతలు చూడాలి: మూలాంకానికి మూలాంకం, భాగ్యాంకానికి భాగ్యాంకం, ఆ తర్వాత ఒకరి మూలాంకానికి ఇంకొకరి భాగ్యాంకం, రెండు వైపులా. మొత్తం 20 మార్కులు.

మూలాంకాలు 5, 2. ఇది ఆ ఒంటి వైపు స్నేహం. అబ్బాయి చంద్రుడు, అమ్మాయి బుధుడు. అతనికి ఆమె నచ్చుతుంది, ఆమెకు అతని మెత్తదనం చిరాకు తెప్పించవచ్చు అని శాస్త్రం చదువుతుంది. మార్కు 1. భాగ్యాంకాలు 7, 9. కేతువు కుజునిలాగా కాబట్టి ఒకే దారి, మార్కులు 5. అమ్మాయి మూలాంకం 5కు అబ్బాయి భాగ్యాంకం 9: బుధునికి కుజుడు సముడు, కుజునికి బుధుడు శత్రువు, అర మార్కు. అబ్బాయి మూలాంకం 2కు అమ్మాయి భాగ్యాంకం 7: చంద్రునికి కుజుడు సముడు, కుజునికి చంద్రుడు మిత్రుడు, మార్కులు 4. మొత్తం పదిన్నర. సగం దాటింది. స్వభావాల దగ్గర సర్దుబాటు కావాలి, జీవితం నడిచే దారి మాత్రం ఒకటే అని దీని అర్థం.

ఎవరి అంకెలు వాళ్లలోనే కలుస్తాయా అన్నది కూడా ఇదే కొలతతో చూడవచ్చు. అబ్బాయిలో 2కు 9తో 4 మార్కులు, లోపల గొడవ లేదు. అమ్మాయిలో 5కు 7తో అర. ఆలోచన ఒక వైపు, జీవితం లాగేది ఇంకో వైపు అని చెప్పే జత అది. ఇలాంటి చోట వచ్చే ఇబ్బందిని భర్త మీద వేయకూడదు. అది పెండ్లికి ముందే ఉన్నది.

అంతా రాసి కాగితం ఇస్తుంటే అమ్మమ్మ నెమ్మదిగా అన్నది: "నా మనుమరాలు శుక్రారం రాత్రి పుట్టింది సారూ. కోడి కూసే యాళ్లకు."

ఫోన్‌లో చూశాను. 14-11-1998 శనివారం. అమ్మమ్మ తప్పు చెప్పలేదు, కాగితం కూడా తప్పు కాదు. ఆసుపత్రి చీటీ మీద సమయం తెల్లవారుజామున 3:40 అని ఉంది. గడియారం లెక్కలో అర్ధరాత్రి 12 దాటింది కాబట్టి 14, శనివారం. మన సంప్రదాయంలో సూర్యోదయంతో రోజు మొదలవుతుంది. నవంబర్ నడుమ మన దగ్గర ఇంచుమించు ఆరుంబావుకు సూర్యుడు వస్తాడు. అప్పటి దాకా అది శుక్రవారమే, అంటే 13.

ఇప్పుడు అదే అమ్మాయికి 13-11-1998తో లెక్క వేస్తే మూలాంకం 4. మొత్తం 33, భాగ్యాంకం 6. అబ్బాయితో మూలాంకాలు 4, 2: రాహువు శనిలాగా చంద్రుణ్ణి శత్రువు అనుకుంటాడు, చంద్రునికి శని సముడు, అర. భాగ్యాంకాలు 6, 9: ఇద్దరూ సములు, 3. అమ్మాయి 4కు అబ్బాయి 9తో అర. అబ్బాయి 2కు అమ్మాయి 6తో అర. మొత్తం నాలుగున్నర.

అదే అమ్మాయి, అదే రాత్రి. ఒక పద్ధతిలో పదిన్నర, ఇంకో పద్ధతిలో నాలుగున్నర.

అర్ధరాత్రికి, సూర్యోదయానికి నడుమ పుట్టిన ఎవరికైనా ఈ చిక్కు ఉంటుంది. సంఖ్యాశాస్త్రం చూసే వాళ్లు రెండుగా చీలిపోయారు. తేదీ అన్నదే ఇంగ్లీషు క్యాలెండర్‌ది కాబట్టి అర్ధరాత్రినే హద్దుగా పెట్టుకోవాలని కొందరు, గ్రహాలు మనవి కాబట్టి సూర్యోదయమే హద్దని కొందరు. నేను మొదటి వాళ్ల వైపు. నెల, సంవత్సరం ఇంగ్లీషు క్యాలెండర్ నుంచి తీసుకొని రోజు హద్దును మాత్రం పంచాంగం నుంచి తేవడం నాకు పొసగదు. అయినా ఆ రాత్రి గంటల్లో పుట్టిన వాళ్లకు రెండు లెక్కలూ రాసి ఇస్తాను. రెండూ ఒకే వైపు చూపిస్తే ఆ మాట చెప్తాను. ఇలా చెరో వైపు పోతే, ఈ తేదీ మీద అంకెలు తీర్పు ఇవ్వలేవని చెప్తాను.

అంకెలు తొమ్మిదే. వరంగల్‌లో ఎవరి మూలాంకం తీసుకున్నా దాదాపు తొమ్మిది మందిలో ఒకరిది అదే అవుతుంది. 1–8 జతలో చక్కగా కాపురం చేస్తున్న వాళ్లు మన వాడలోనే ఉంటారు, వెతికితే కనిపిస్తారు. అంకెల జతకు, కాపురం నిలవడానికి సంబంధం ఉందని పరీక్షల్లో తేలిన విషయం కాదు, ఇది తరాల నుంచి వస్తున్న నమ్మకం. అందుకే మార్కులు తక్కువ వచ్చాయని ఎవరైనా పేరు స్పెల్లింగ్ మార్చాలనో, ఉంగరం కొనాలనో అంటే వినకండి. పేరు మార్చినా తారీఖు మారదు. మూలాంకం, భాగ్యాంకం రెండూ తారీఖు నుంచే వచ్చాయి.

ఆ తల్లికి కాగితం మీద రెండు లెక్కలూ పక్కపక్కనే రాసిచ్చాను. పైన పుట్టిన సమయం 3:40, తేదీ ఏ కాగితం నుంచి తీసుకున్నది, 4కు, 7కు ఏ గ్రహం వేసింది, ఈ మూడు కూడా రాశాను. రేపు అబ్బాయి వాళ్లు ఇంకెవరికైనా చూపిస్తే జవాబు వేరుగా రావచ్చు. ఎక్కడ వేరైందో ఆ మూడు వరుసలు చూస్తే దొరుకుతుంది. మీరు లెక్క వేసినా, వేయించుకున్నా, కాగితం మీద ఆ మూడూ ఉండేలా చూడండి. అమ్మమ్మ ఆ చీటీని, ఆసుపత్రి చీటీని కలిపి మడిచి కొంగున కట్టుకుంది.